స్విచ్ ఆపినా కరెంటు పోని సాకెట్: చాకీ గదిలో ఫేజు, న్యూట్రల్ తారుమారైతే ఎలా కనిపెట్టాలి



ఈసారి ఆకు గురించి, రోగాల గురించి కాదు. మన షెడ్డు గోడకున్న ప్లగ్ సాకెట్ గురించి నాలుగు మాటలు. మేము పదో తరగతి వరకు చదివినవాళ్లం, కరెంటు పని మా వృత్తి కాదు. అయినా పోయిన చలికాలం మా ఇంట్లో జరిగినదాని వల్ల ఈ విషయం కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది.

మాది బెంగళూరు గ్రామీణ జిల్లా, దేవనహళ్ళి వైపు. డిసెంబరులో ఇక్కడ రాత్రిళ్లు బాగా చలి. చాకీ పురుగులకు 27, 28 డిగ్రీల వేడి, 85 శాతం పైన తేమ కావాలి కదా. అందుకని చాకీ గదిలో రెండు వేల వాట్ల ఇనుప బాడీ హీటర్ పెట్టుకున్నాం. తేమ కోసం నేల తడుపుతాం, తడి గోనెపట్టాలు వేలాడదీస్తాం. పురుగులు రెండో జ్వరంలో ఉన్న రోజు హీటర్ మీద సున్నం దుమ్ము పట్టిందని మా ఇంటావిడ తుడవబోయింది. తెలివిగానే ముందు గోడ స్విచ్ ఆపింది. హీటర్ ఆగిపోయింది, ఎర్ర దీపం ఆరిపోయింది. తడి గుడ్డ పెట్టగానే షాక్ కొట్టి వెనక్కి పడింది. గుడ్డ జారి కింద పడబట్టి బతికింది. రెండు రోజులు చేయి లాగుతూనే ఉంది.

"స్విచ్ ఆపే కదండీ ముట్టుకున్నా!" అని ఆమె అడిగిన ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

*ముందు మూడు బెజ్జాల సంగతి*

మన సాకెట్‌కు మూడు బెజ్జాలు. పైన లావుగా ఉండేది ఎర్త్. సాకెట్‌కు ఎదురుగా నిలబడి చూస్తే కింద కుడి చేతి వైపు ఉన్నది ఫేజు, ఎడమ చేతి వైపు ఉన్నది న్యూట్రల్. చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌కైనా, హీటర్‌కు వాడే పెద్ద 16 ఆంపియర్ల సాకెట్‌కైనా ఇదే వరుస. వైరు రంగుల్లో ఎరుపు గానీ గోధుమ గానీ ఫేజు, నలుపు గానీ లేత నీలం గానీ న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్.

కరెంటు ఫేజులో వచ్చి, సామానులో పనిచేసి, న్యూట్రల్‌లో వెనక్కి పోతుంది. రెండింటిలోనూ కరెంటు పారుతుంది కదా, మరి ఒకటి ప్రమాదం, ఒకటి కాదు ఎందుకని? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమిలోకి కలిపేస్తారు. అందువల్ల న్యూట్రల్‌కూ మనం నిలబడ్డ నేలకూ మధ్య దాదాపు తేడా ఉండదు. ఫేజుకూ నేలకూ మధ్య మాత్రం 230 వోల్టులు ఉంటాయి. తడి నేల మీద ఉత్త కాళ్లతో ఉన్న మనిషి ఫేజును తాకితే, కరెంటు ఒంట్లోంచి నేలలోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతుంది. తడి ఒంటికి సుమారు వెయ్యి ఓముల అడ్డు అనుకుంటే, 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. మనిషికి 30 మిల్లీ ఆంపియర్లు దాటినా ప్రాణానికి ప్రమాదమే. మన చాకీ గదిలో తడి నేల, తడి చేతులు ఎప్పుడూ ఉండేవే.

*తారుమారైతే ఏమవుతుంది*

స్విచ్, ఫ్యూజు, ఎంసీబీ, ఈ మూడూ ఫేజు దారిలో ఉండాలి. న్యూట్రల్ దారిలో ఒంటిగా స్విచ్చు గానీ ఫ్యూజు గానీ పెట్టకూడదని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 32వ నియమమే చెప్పింది. కారణం సులువు. స్విచ్ ఫేజును తెంపితే దాని తర్వాత ఉన్నదంతా చచ్చిన తీగ. న్యూట్రల్‌ను తెంపితే సామాను ఆగిపోతుంది గానీ, ఫేజు సామాను లోపలి వరకు వచ్చి కూర్చునే ఉంటుంది.

నీళ్ల పైపుతో పోల్చి చూడండి. గేట్‌వాల్వు డ్రిప్ లైనుకు ముందు ఉంటే, కట్టేయగానే లైను ఖాళీ. అదే వాల్వు లైను చివర ఉంటే? కట్టేస్తే నీళ్లు పారవు, నిజమే. కానీ పైపు నిండా ఒత్తిడితో నీళ్లు నిలిచే ఉంటాయి. ఎక్కడ చిల్లు పడితే అక్కడ చిమ్ముతుంది.

మా హీటర్‌లో అదే జరిగింది. స్విచ్ ఆపితే న్యూట్రల్ తెగింది. కాయిల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా 230 వోల్టుల మీదే ఉంది. థర్మోస్టాట్ వేడి సరిపోయిందని హీటర్‌ను ఆపినప్పుడు కూడా అంతే. చాకీ గది తేమకు కాయిల్ చుట్టూ ఉన్న తెల్ల పింగాణీ చెమ్మగిల్లి, కరెంటు కొంచెం కొంచెంగా బాడీలోకి కారింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఒక్క తారుమారు వల్లే షాక్ రాదు. ఇన్సులేషన్ బాగుంటే బాడీలోకి కరెంటు రాదు. ఎర్త్ బాగుంటే, కారిన కరెంటు మనిషి కన్నా ముందు ఎర్త్ వైరు దారి పడుతుంది. మా ఇంట్లో మూడు తప్పులు ఒకచోట చేరాయి: ఫేజు, న్యూట్రల్ మారడం, సాకెట్‌లో ఎర్త్ వైరు లేకపోవడం, హీటర్ చెమ్మగిల్లడం. మూడింటిలో తారుమారు చేసే ప్రత్యేకమైన మోసం ఏమిటంటే, "స్విచ్ ఆపాను కదా" అన్న మన జాగ్రత్తనే పనికిరాకుండా చేస్తుంది. పైగా సామాన్లన్నీ మామూలుగానే పనిచేస్తాయి. ఆకు కోసే మెషిన్ తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది, ఫోను ఛార్జ్ అవుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

*టెస్టర్‌తో చూసే పద్ధతి*

బల్బు ఉన్న మామూలు స్క్రూడ్రైవర్ టెస్టర్ చాలు. పగుళ్లు ఉన్నదీ తడిసినదీ వాడొద్దు. చేతులు ఆరబెట్టుకుని, చెప్పులు వేసుకుని, పొడి నేల మీద నిలబడండి. ముందు కచ్చితంగా కరెంటు ఉందని తెలిసిన ఇంకో సాకెట్‌లో పెట్టి టెస్టర్ వెలుగుతోందా చూసుకోండి. చెడిపోయిన టెస్టర్ వెలగదు, దాన్ని చూసి కరెంటు లేదనుకోవడమే పెద్ద ప్రమాదం. పట్టుకునేటప్పుడు వేలు వెనక ఉన్న లోహపు బొడిపె మీద మాత్రమే ఉండాలి, ముందున్న ఇనుప కడ్డీకి తగలకూడదు. ఎండలో వెలుగు కనబడదు, నీడలో చూడండి.

ఆ సాకెట్‌లోంచి ప్లగ్ పీకేయండి. కరెంటు ఆఫీసు లైను ఉన్నప్పుడే చూడండి, జెనరేటర్ మీద కాదు. కొన్ని చిన్న జెనరేటర్లలో ఏ తీగనూ భూమికి కలపరు. అప్పుడు రెండు బెజ్జాల్లోనూ మసకగా వెలగొచ్చు, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

ఇప్పుడు స్విచ్ వేసి మూడు బెజ్జాలూ చూడండి. తర్వాత స్విచ్ ఆపి మళ్లీ మూడూ చూడండి. చాలామంది స్విచ్ వేసి మాత్రమే చూసి ఊరుకుంటారు. అసలు విషయం ఆపి చూస్తేనే బయటపడుతుంది.

1. వేస్తే కుడి వైపు వెలిగి, ఆపితే ఎక్కడా వెలగకపోతే: సరిగ్గా ఉంది.

2. వేస్తే ఎడమ వైపు వెలిగి, ఆపితే ఎక్కడా వెలగకపోతే: సాకెట్ వెనక రెండు వైర్లు అటు ఇటు బిగించారు. గోడ స్విచ్ ఫేజునే తెంపుతోంది. కానీ హీటర్‌కు ఉన్న సొంత స్విచ్, థర్మోస్టాట్ మాత్రం న్యూట్రల్ దారిలో పడ్డాయి.

3. వేసినా ఆపినా ఎడమ వైపు వెలుగుతూనే ఉంటే: మా ఇంట్లో జరిగింది ఇదే. స్విచ్ న్యూట్రల్‌ను తెంపుతోంది, ఫేజు ఎప్పుడూ ఉంది. అన్నింటిలో ప్రమాదమైనది.

4. వేసినా ఆపినా కుడి వైపు వెలుగుతూనే ఉంటే: ఫేజు తన బెజ్జంలోనే ఉంది, కానీ స్విచ్ న్యూట్రల్‌కు వేశారు. ఇదీ ఆపినా ఆగని సాకెట్టే.

5. కింద రెండు బెజ్జాలూ వెలిగితే: న్యూట్రల్ ఎక్కడో తెగి ఉండొచ్చు. ఇంకో సామాను గుండా ఫేజు తిరిగి వస్తోంది. ఆ లైను వాడకం ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

6. పైన ఎర్త్ బెజ్జం వెలిగితే: వెంటనే మెయిన్ దించండి. ఏ సామానూ ముట్టుకోవద్దు.

ఆరోది ఎందుకు వస్తుందో చెప్పాలి. ఎర్త్ వైరు లేనిచోట కొందరు సాకెట్ వెనకే ఎర్త్ బిగించే చోటికి న్యూట్రల్ నుంచి ఒక ముక్క వైరు కలిపేస్తారు, "ఎర్త్ ఇచ్చేశాను" అంటారు. న్యూట్రల్ న్యూట్రల్‌గా ఉన్నంతవరకు తెలియదు. ఎప్పుడో ఒక రోజు స్తంభం దగ్గరో, జాయింట్ దగ్గరో ఫేజు, న్యూట్రల్ మారితే, ఆ ముక్క వైరు గుండా ఫేజు నేరుగా హీటర్ బాడీకి వచ్చేస్తుంది. ఆ హీటర్ ఇనుప స్టాండుకు ఆనుకుని ఉంటే, వరుస మొత్తం కరెంటు కొడుతుంది. మన స్టాండ్లన్నీ ఇనుపవే కదా.

బెంగళూరు చిక్‌పేట పక్కన బి.వి.కె. అయ్యంగార్ రోడ్డులోని ఎలక్ట్రికల్ షాపుల్లో మూడు దీపాలున్న ప్లగ్ టెస్టర్ దొరుకుతుంది. సాకెట్‌లో గుచ్చితే తారుమారైందో, ఎర్త్ ఉందో లేదో దీపాలే చెబుతాయి. మంచిదే. కానీ ఇప్పుడు చెప్పిన ముక్క వైరు కేసులో అది మోసపోతుంది. న్యూట్రల్, ఎర్త్ బెజ్జాలు రెండూ ఒకేలా ఉండటంతో "అంతా సరే" అన్న దీపాలే వెలుగుతాయి. మామూలు టెస్టర్‌ను పై బెజ్జంలో పెడితే మాత్రం పట్టేస్తుంది. కాబట్టి ప్లగ్ టెస్టర్ ఉన్నా, పై బెజ్జం ఒక్కటి మామూలు టెస్టర్‌తో చూడండి.

కొత్త సాకెట్లలో పిల్లల వేళ్లు పోకుండా కింది బెజ్జాలకు లోపల మూత ఉంటుంది. వాటిలో బలవంతంగా పొడవొద్దు, పై బెజ్జంలో ఏదో దూర్చి మూత తెరిచే పనీ వద్దు. అక్కడ ప్లగ్ టెస్టర్ వాడండి, లేదా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఇంకో చిన్న గుర్తు ఉంది. రాత్రి స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలుగుతున్నా, మినుకుమినుకుమంటున్నా, ఆ స్విచ్ న్యూట్రల్‌కు వేసి ఉండొచ్చు. స్విచ్‌లో చిన్న దీపం ఉన్నా అలా కావచ్చు, కాబట్టి దాన్ని బట్టే తేల్చేయకండి. టెస్టర్ తీయడానికి అది ఒక సూచన, అంతే.

*మా షెడ్డులో తప్పు ఎక్కడుందో ఎలా దొరికింది*

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. టెస్టర్ పెట్టాడు. స్విచ్ వేస్తే ఎడమ వెలిగింది, ఆపినా ఎడమ వెలిగింది. షెడ్డులో ఉన్న నాలుగు సాకెట్లూ అంతే. "ఒక్క సాకెట్‌లో అయితే దాని వెనక తప్పు. అన్నింట్లోనూ అంటే తప్పు ముందే ఎక్కడో ఉందన్నా" అన్నాడు.

తర్వాత షెడ్డు ఎంసీబీ దించాడు. బల్బులన్నీ ఆరిపోయాయి. సాకెట్‌లో టెస్టర్ పెడితే ఇంకా వెలుగుతోంది! ఆ ఎంసీబీ కూడా న్యూట్రల్‌నే తెంపుతోందన్న మాట. అది మాకు షాక్ కన్నా ఎక్కువ భయం పుట్టించింది. ఎందుకంటే ఎర్త్ బాగా ఉన్నచోట కూడా ఫేజు బాడీకి తగిలి నేలలోకి పోతే, ఆ కరెంటు న్యూట్రల్‌లోకి రానే రాదు. న్యూట్రల్‌లో కూర్చున్న ఎంసీబీకి ఆ సంగతి తెలియదు, అది పడిపోదు.

ఆ తర్వాత ఇంట్లో వంటగది సాకెట్ చూశాడు. వేస్తే కుడి, ఆపితే ఏమీ లేదు. అంటే ఇల్లు బాగుంది, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు బాగుంది. ఇంటికీ షెడ్డుకూ మధ్యలోనే మారింది. మాకప్పుడు గుర్తొచ్చింది. అక్టోబరు వానల్లో కొబ్బరిమట్ట పడి ఇంటి నుంచి షెడ్డుకు పోయే వైరు తెగింది. మేమే తొందరలో ఊళ్లో తెలిసిన కుర్రాడితో కొత్త వైరు లాగించాం. రెండు తీగలూ ఒకే నల్ల రంగు. ఏది ఏదో చూడకుండా కలిపేశారు, బల్బు వెలిగింది, పని అయిపోయిందనుకున్నాం. రెండే తీగలు కాబట్టి ఎర్త్ ఎలాగూ లేదు.

బాగుచేయడం అరగంట పని. ఇంటి మెయిన్ దించి, తీగలు చచ్చాయని టెస్టర్‌తో చూసి, జాయింట్ దగ్గర రెండు తీగలూ సరిగ్గా మార్చాడు. ఫేజుకు ఎర్ర టేపు చుట్టాడు. షెడ్డు పక్కన ఎర్త్ గుంత తీసి ప్రతి సాకెట్‌కూ ఆకుపచ్చ వైరు లాగాడు. షెడ్డు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాడు. ఫేజులో పోయిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. మనిషి గుండా కొంచెం నేలలోకి జారినా రెండు తీగలనూ ఒకేసారి తెంపేస్తుంది. అందువల్ల ఎప్పుడైనా మళ్లీ తారుమారైనా ఇది పనిచేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, మేము ప్రతి పంటకు ముందు నొక్కి చూస్తున్నాం.

చివరికి మల్టీమీటర్ పెట్టి చూపించాడు. కుడికీ ఎడమకీ మధ్య 230 దగ్గర, కుడికీ ఎర్త్‌కూ మధ్య కూడా 230 దగ్గర, ఎడమకూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు. సరైన సాకెట్ లెక్క ఇది. ఎడమకూ ఎర్త్‌కూ మధ్య 230, కుడికీ ఎర్త్‌కూ మధ్య సున్నా దగ్గర వస్తే తారుమారైనట్టు.

*చేయకూడని పనులు*

సాకెట్ తారుమారైందని తెలిసి కొందరు సామాను ప్లగ్ విప్పి, దాంట్లో వైర్లు మార్చేస్తారు. అలా చేయకండి. ఆ సామాను రేపు ఇంకో సాకెట్‌లో పెడితే అక్కడ తారుమారవుతుంది. తప్పు ఎక్కడుందో అక్కడే సరిచేయాలి.

ఇల్లంతా తారుమారుగా కనిపిస్తే తప్పు మీటరు దగ్గరో స్తంభం దగ్గరో ఉండొచ్చు. అక్కడ మనం చేయి పెట్టకూడదు. లైన్‌మన్‌ను పిలిచి "సర్వీసులో ఫేజు, న్యూట్రల్ మారింది" అని ఆ మాటే చెప్పండి.

రెండు పిన్నుల ప్లగ్ ఎటు పెట్టినా పడుతుంది కదా అని అడగొచ్చు. నిజమే, ఫోన్ ఛార్జర్ లాంటివి ఎటు పెట్టినా ఇబ్బంది లేకుండా రెండు పొరల ఇన్సులేషన్‌తో చేస్తారు. వాటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది. జర్మనీలో మూమూలు గోడ ప్లగ్ కూడా ఎటు తిప్పినా పడుతుంది, అక్కడి సామాన్లు దానికి తగ్గట్టు చేస్తారు. మన ఇనుప బాడీ హీటర్, నీళ్లు కాచే రాడ్, ఆకు కోసే మెషిన్ అలాంటివి కావు. వాటికి మూడు పిన్నులూ, సరైన వరుసా కావాలి.

సాకెట్ సరిగ్గా ఉన్నా సరే, హీటర్ తుడిచేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్ కూడా పీకేయండి. ప్లగ్ పీకితే ఫేజు, న్యూట్రల్ రెండూ పోతాయి, ఎటు మారి ఉన్నా ఒకటే. మా ఇంటావిడ ఇప్పుడు ప్లగ్ పీకి, పిన్నులు కళ్లతో చూసిన తర్వాతే గుడ్డ పడుతోంది.

పంట దిగిన తర్వాత బ్లీచింగ్ నీళ్లతో షెడ్డు కడుగుతాం కదా. ఆ రోజు, నేల తడపక ముందే, టెస్టర్ తీసుకుని ప్రతి సాకెట్ దగ్గర స్విచ్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి చూడండి. కొత్త వైరు లాగినా, స్తంభం దగ్గర సర్వీసు మార్చినా, ఆ సాయంత్రమే మళ్లీ చూడండి. మాకు అక్టోబరులో ఆ ఐదు నిమిషాలు లేకపోయాయి.